జనరేటర్ కరెంటు యూనిట్ ఎంత పడుతుంది? ఒక్క అంకెతో తేలే లెక్క కాదు

ఆక్వా రైతుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక మెసేజ్ పెట్టారు. "డీజిల్ లీటరు 97. లీటరుకి మూడున్నర యూనిట్లు. అంటే జనరేటర్ కరెంటు యూనిట్ 28 రూపాయలు. అంతే." కింద బొటనవేళ్లు వరసగా పడ్డాయి. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మా బావ దాన్ని నాకు పంపి, "నువ్వు కంపెనీలో ఖర్చుల లెక్కలు, అదే కాస్టింగ్, చూస్తావుగా, ఇది కరెక్టేనా చెప్పు" అన్నాడు. ఊరికే అడగలేదు. పక్క చెరువు రాజుగారి జనరేటర్ పాడైంది. ఈ పంట అయ్యేవరకు, నీళ్లలో ఆక్సిజన్ కలిపే తన నాలుగు ఏరేటర్లకి బావ జనరేటర్ నుంచి లైను ఇమ్మంటున్నారు, డబ్బులిస్తానంటున్నారు. ఎంత తీసుకోవాలి అన్నది ప్రశ్న. (కరెంటు అమ్మడానికి లైసెన్సు కావాలి, అది వేరే సంగతి. నేను మాట్లాడేది ఇద్దరు ఇరుగుపొరుగు ఖర్చు పంచుకోవడం గురించి.)

రాజుగారు 22 రూపాయలకి మించి న్యాయం కాదంటున్నారు. బావ 53 అడగాలనుకుంటున్నాడు. గ్రూపులో 28 అంటున్నారు. లెక్కలు కట్టి చూస్తే ఈ మూడు అంకెలకీ ఆధారం ఉంది. యూనిట్ ఖర్చు ఎంత అని అడిగే ముందు ఎందుకు అడుగుతున్నామో తేల్చుకోవాలి. డీజిల్, జీతం, తరుగుదల మూడూ ఒకే గంపలో వేసి యూనిట్లతో భాగించి ఒకే ధర చెప్పడం పొరపాటని నా గట్టి అభిప్రాయం. కొంచెం వివరంగా చెబుతాను.

లీటరుకి మూడున్నర యూనిట్లు ఎప్పుడు వస్తాయి

బావ సెట్టు 62.5 కేవీఏ. పవర్ ఫ్యాక్టర్ 0.8 దగ్గర అది 50 కిలోవాట్లు ఇవ్వగలదు. ముప్పావు లోడు, ఫుల్ లోడు మధ్య నడిస్తే ఇలాంటి సెట్టు లీటరుకి మూడున్నర యూనిట్లు, ఇంకొంచెం పైన కూడా ఇస్తుంది. లీటరు డీజిల్‌లో ఉండే వేడి సుమారు 10 యూనిట్లతో సమానం. అందులో మూడో వంతు పైచిలుకు కరెంటుగా మారుతుంది, మిగతాది సైలెన్సర్‌లోంచి, రేడియేటర్‌లోంచి పోతుంది. అంతవరకు గ్రూపులో లెక్క తప్పు కాదు.

కానీ బావ చెరువు మీద లోడు ఎంత? రెండు హెచ్‌పీ ఏరేటర్లు పది. ఒక్కోటి నడుస్తున్నప్పుడు 1.8 కిలోవాట్ల దాకా లాగుతుంది. ఒక చిన్న పంపు, గట్టు మీద లైట్లు కలిపి మొత్తం 20 కిలోవాట్లు. అంటే 50 ఇవ్వగల ఇంజను మీద 20 మాత్రమే ఉంది. కొలిచి చూస్తే గంటకి సుమారు 6.4 లీటర్లు తాగుతోంది. 20ని 6.4తో భాగిస్తే లీటరుకి 3.1 యూనిట్లు. ఒక్క డీజిలే యూనిట్‌కి 31 రూపాయలు పడింది.

కారణం ఇంజను స్వభావంలోనే ఉంది. ఈ సైజు ఇంజను ఏ లోడూ లేకుండా 1500 ఆర్‌పీఎమ్ మీద తిరగడానికే, అంటే తన పిస్టన్ల రాపిడి, ఫ్యాను, పంపులు మోసుకోవడానికే, గంటకి దాదాపు 1.9 లీటర్లు తీసుకుంటుంది. ఆ పైన ప్రతి కిలోవాట్‌కి గంటకి పావు లీటరు కంటే కొంచెం తక్కువ, 0.22 చొప్పున పడుతుంది. లోడు పెరిగే కొద్దీ ఆ 1.9 లీటర్ల బరువు ఎక్కువ యూనిట్ల మీద సర్దుకుంటుంది. లోడు తగ్గితే కొద్ది యూనిట్ల మీదే పడుతుంది. పగలు రెండు మూడు ఏరేటర్ల కోసం ఈ సెట్టు వేస్తే లీటరుకి రెండు యూనిట్లు రావడం కూడా కష్టం.

ఇది పుస్తకంలో లెక్క అనుకునేవాళ్లు ఎవరైనా తమ దగ్గరే కొలుచుకోవచ్చు. ట్యాంకు మూతి దాకా నింపి, ప్యానెల్‌లో అవర్ మీటరు, ఎనర్జీ మీటరు రీడింగులు రాసుకుని, లోడు మార్చకుండా రెండు గంటలు నడిపి ఆపాలి. మళ్లీ అదే గుర్తు దాకా కొలత డబ్బాతో పోయాలి. ట్యాంకు గేజీ ముల్లుని నమ్మి లెక్క వేయకూడదు, అది పది లీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. ఇంకొకటి, కరెంటుని తగ్గించి మీటరుకి చూపే సీటీల ద్వారా మీటరు కనెక్ట్ అయి ఉంటే, ఆ రేషియో మీటరులో సెట్ చేయకపోతే, రీడింగుని గుణించుకోవాలి. 100/5 సీటీ అయితే 20తో. అది మర్చిపోయి "లీటరుకి యూనిట్‌లో ఆరో వంతు కూడా రావట్లేదు, ఇంజను పోయింది" అని మెకానిక్‌ని పిలిచినవాళ్లు ఉన్నారు.

ఈ కొలత నెలకొకసారి తీస్తే ఖర్చు ఒక్కటే కాదు, రోగం కూడా తెలుస్తుంది. అదే లోడు మీద లీటరుకి 3.1 వచ్చే సెట్టు 2.7కి పడిపోయిందంటే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండాలి, ఇంజెక్టర్ సరిగ్గా చల్లకపోయి ఉండాలి, లేదా డీజిల్ ఇంజనులోకి కాకుండా ఇంకెక్కడికో పోతుండాలి. మొదటి రెండిటికీ నల్ల పొగ సాక్ష్యం చెబుతుంది. పొగ మామూలుగానే ఉండి లెక్క మాత్రం తగ్గితే ట్యాంకు మూతకి తాళం వేయాల్సిన సమయం వచ్చినట్టే.

అంత పెద్ద సెట్టు ఎందుకు కొన్నాం

20 కిలోవాట్ల లోడుకి 50 కిలోవాట్ల సెట్టు ఎందుకని ఎవరైనా అడుగుతారు. అమ్మినాయన చెప్పిన కారణం సరైనదే. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కంటే ఆరు రెట్ల దాకా కరెంటు లాగుతుంది. రెండు హెచ్‌పీ ఏరేటర్ నడిచేటప్పుడు రెండుంబావు కేవీఏ అయితే, మొదలయ్యే క్షణంలో 13 కేవీఏ దాటుతుంది. పదీ ఒకేసారి అంటుకుంటే 130 కేవీఏ పైమాట. 62.5 సెట్టు కూడా దానికి ఆగదు, ఓల్టేజీ కుంగి కాంటాక్టర్లు పడిపోతాయి.

కాబట్టి పెద్ద సెట్టు కొన్నా ఒక్కొక్క ఏరేటర్‌నే వేసుకుంటూ పోవాలి. అలా వేసేటట్టయితే తొమ్మిది నడుస్తుండగా పదోది స్టార్ట్ అయ్యే క్షణానికి కావలసింది 34 కేవీఏ. పంపుని కూడా వరసలో తన వంతు వచ్చినప్పుడు వేస్తే 40 కేవీఏ సెట్టు సరిపోయేది. ఒక్కొక్కటీ రెండు మూడు సెకన్ల తేడాతో అందుకునేలా టైమర్లు పెట్టిస్తే మనిషి కూడా అవసరం లేదు. టైమర్లకి, వైరింగుకి అయ్యే ఖర్చు, రెండు సెట్ల ధరల మధ్య తేడాలో చిన్న ముక్క.

సెట్టు పెద్దదైతే రెండు వైపులా నష్టం. డీజిల్ ఎక్కువ తాగుతుంది, తరుగుదల ఎక్కువ రాసుకోవాలి. మూడో నష్టం సైలెన్సర్ గొట్టం చివర కనిపిస్తుంది. మొన్న వెళ్లినప్పుడు నేను చూశాను. గొట్టం మూతి దగ్గర నల్లగా, జిగటగా, తారులాంటి పదార్థం కారి కింద సిమెంటు మీద మరక కట్టింది. వేలితో తాకితే డీజిల్ వాసన. తక్కువ లోడు మీద ఇంజను సరిపడా వేడెక్కక, కాలని డీజిల్ పొగతోపాటు బయటికి వచ్చి పేరుకోవడం అది. మూడో వంతు కంటే తక్కువ లోడు మీద గంటల తరబడి నడిపితే ఇలాగే అవుతుంది. పిస్టన్ రింగుల మీద మసి పడుతుంది, ఆయిల్ తాగడం మొదలవుతుంది. బావది అన్నీ వేస్తే 40 శాతం లోడు, కానీ పగలు రెండు ఏరేటర్లతోనే నడిపిన గంటలు కూడా ఉన్నాయి. నెలకొకసారైనా అన్నీ వేసి అరగంట గట్టిగా నడిపించమని చెప్పాను.

జీతం ఎవరి ఖాతాలో

ఇప్పుడు అసలు తగాదా ఉన్న చోటికి వద్దాం.

చెరువు మీద ఒక కుర్రాడు ఉంటాడు. జీతం నెలకి 14,000, ఏడాదికి 1,68,000. కరెంటు పోతే లేచి జనరేటర్ వేసి, లైను నుంచి జనరేటర్‌కి మార్చే ఛేంజోవర్ తిప్పి, ఏరేటర్లు ఒక్కొక్కటే ఆన్ చేసేది అతనే. మా బావ సెట్టు ఏడాదికి సుమారు 300 గంటలు నడుస్తుంది. 20 కిలోవాట్ల చొప్పున 6,000 యూనిట్లు. అతని జీతమంతా జనరేటర్ మీద వేస్తే యూనిట్‌కి 28 రూపాయలు, అంటే దాదాపు డీజిల్‌తో సమానం. అసలు వేయకపోతే సున్నా. ఈ రెండిటి మధ్య ఎక్కడ ఆగాలి?

బావ వాదన: "వాడు మేత వేస్తాడు, చెక్ ట్రేలు చూస్తాడు, కాపలా కాస్తాడు. జనరేటర్ ఉన్నా లేకపోయినా వాడికి జీతం ఇవ్వాల్సిందే. మరి దాని మీద ఎందుకు వేయడం?" కాస్టింగ్‌లో ఇది బలమైన వాదన. ఆ పని మానేస్తే ఆదా అయ్యే ఖర్చునే ఆ పని ఖర్చు అనాలి. జనరేటర్ తీసేస్తే జీతం ఆదా కాదు, కనుక జీతం దాని ఖర్చు కాదు.

నేను దీన్ని పూర్తిగా ఒప్పుకోను. జనరేటర్ లేకపోతే రాత్రి నిద్రపోయే కాపలావాడు చాలు. జనరేటర్ ఉంది కాబట్టి రాత్రి కరెంటు పోయిన పది నిమిషాల్లో లేచే మనిషి కావాలి. ఛేంజోవర్ తిప్పడం తెలిసినవాడు, ఇంజను శబ్దంలో తేడా పట్టేవాడు కావాలి. అలాంటివాడికి మామూలు కాపలావాడికంటే నెలకి మూడు వేలు, మూడున్నర వేలు ఎక్కువ ఇస్తున్నారు. ఆ తేడాయే జనరేటర్ జీతం. ఏడాదికి 42,000, యూనిట్‌కి 7 రూపాయలు. జీతంలో ఇంత శాతం అని ఊహించి వేసే బదులు ఇలా వెతికితే నిజానికి దగ్గరగా వస్తుంది.

మా ఫ్యాక్టరీలో పరిస్థితి వేరు. అక్కడ జనరేటర్ ఆపరేటర్లు మూడు షిఫ్టులకి ముగ్గురు, సెలవులకి ఒక రిలీవరు. వాళ్లకి ఇంకో పని లేదు. సెట్టు నెలలో నాలుగు గంటలు నడిచినా నలుగురి జీతం నలుగురిదే. అక్కడ ఎవరైనా యూనిట్‌కి ఎంత అని అడిగితే వచ్చే అంకె చూసి కంగారుపడతారు. అంకె తప్పు కాదు, దాన్ని యూనిట్‌కి చెప్పడమే తప్పు. ఆ నలుగురూ యూనిట్లు తయారు చేయడానికి లేరు, కరెంటు పోయినప్పుడు ఫర్నేసు ఆగకుండా చూడటానికి ఉన్నారు.

తరుగుదల: గంటలు తింటాయా, ఏళ్లు తింటాయా

సెట్టు, ఫౌండేషను, షెడ్డు, కేబుళ్లు, ఛేంజోవర్ అన్నీ కలిపి బావకి 9 లక్షలు అయింది. 2023 జులై నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాక ఈ సైజు సెట్ల ధరలు పెరిగాయి, ఇప్పుడు కొంటే ఇంకా ఎక్కువే. పదేళ్ల తర్వాత పాత ఇనుముగానో, నడిచే సెట్టుగానో 1.5 లక్షలు వస్తుందనుకుందాం. పోయేది 7.5 లక్షలు. ఏడాదికి 75,000. ఆరు వేల యూనిట్ల మీద యూనిట్‌కి 12.50.

ఇక్కడ మంచి ప్రశ్న ఒకటి వస్తుంది. ఇలాంటి ఇంజను సరిగ్గా చూసుకుంటే పెద్ద ఓవర్‌హాల్ దాకా 12,000 గంటలు నడుస్తుంది. ఏడాదికి 300 గంటలైతే నలభై ఏళ్లు రావాలి కదా, పదేళ్లు ఎందుకు?

ఎందుకంటే నడవని ఇంజను కూడా పాడవుతుంది. చెరువు గట్టు మీద ఉప్పు గాలి. కానోపీ కింది అంచులు తుప్పు పట్టి రేకు పొరలుగా ఊడుతుంది. రేడియేటర్ రెక్కలు పిండై రాలతాయి. ఆల్టర్నేటర్ చుట్టలో తేమ చేరి ఇన్సులేషన్ తగ్గుతుంది. బ్యాటరీ రెండు మూడేళ్లకి చస్తుంది, అదీ సరిగ్గా కరెంటు పోయిన రాత్రే తెలుస్తుంది. రబ్బరు గొట్టాలు పగులుతాయి. ట్యాంకు అడుగున నీళ్లు చేరి డీజిల్ పాచి పడుతుంది. వీటికి అవర్ మీటరుతో సంబంధం లేదు, కాలెండరుతోనే.

కాబట్టి నేను రెండు లెక్కలూ వేసి, ఏది ముందు సెట్టుని తినేస్తుందో దాన్ని తీసుకుంటాను. పదేళ్ల ఆయుష్షు, 12,000 గంటల ఆయుష్షు అనుకుంటే సరిహద్దు ఏడాదికి 1,200 గంటలు. అంతకంటే తక్కువ నడిస్తే ఏళ్లు తింటున్నాయి. అప్పుడు తరుగుదల ఇంకో గంట నడిపినా పెరగదు, ఆపినా తగ్గదు. అంతకంటే ఎక్కువ నడిస్తే గంటలు తింటున్నాయి, అప్పుడు ప్రతి గంటకీ 62.50 రూపాయలు నిజంగానే కరుగుతుంది. లైను అసలు రాని చోట ఏడాదికి 1,500 గంటలు నడిపే రైతుకి తరుగుదల యూనిట్‌కి 3 రూపాయలు దాటి కొంచెం పడుతుంది. బావకి 12.50. ఒకే మిషను, ఒకే లోడు. మారింది గంటలు.

మా ఆడిటర్ల దగ్గర ఇంకో పద్ధతి ఉంది. ఇన్‌కమ్ ట్యాక్స్‌కి మిషనరీ మీద మిగిలిన విలువలో 15 శాతం చొప్పున తరుగుదల రాస్తారు. ఆ లెక్కన బావకి మొదటి ఏడు 1,35,000, పదో ఏడు 31,000 చిల్లర. యూనిట్‌కి మొదటి ఏడు 22.50, పదో ఏడు 5 రూపాయల పైన. సెట్టు అదే, చెరువు అదే, పైగా పదో ఏట రిపేర్లు ఎక్కువ. పన్ను కోసం అది సరైన పద్ధతే కావచ్చు, పక్కాయన దగ్గర ఎంత తీసుకోవాలో తేల్చడానికి మాత్రం పనికిరాదు.

"తరుగుదల నా జేబులోంచి పోయే డబ్బు కాదు కదా" అన్నాడు బావ. అవును, ఈ నెల పోదు. కొన్న రోజే ఒక్కసారిగా పోయింది. అప్పుడు తీసిన అప్పుకి వడ్డీ కూడా కడుతున్నాడు. పెట్టుబడి సగటున 5.25 లక్షలు అనుకుని పది శాతం వేసినా ఏడాదికి 52,500. చాలామంది తరుగుదల రాసుకుని వడ్డీ వదిలేస్తారు. తరుగుదలలో మూడింట రెండొంతుల కంటే ఎక్కువ ఉన్న ఖర్చుని ఎలా వదిలేస్తారో నాకు అర్థం కాదు.

53 ఎలా వచ్చింది, 22 ఎలా వచ్చింది

ఇప్పుడు బావ అంకె చూద్దాం. డీజిల్ 31. ఆయిల్, ఫిల్టర్లు, సర్వీసు, బ్యాటరీ వంతు కలిపి ఏడాదికి 18,000, అంటే యూనిట్‌కి 3. జీతం 7. తరుగుదల 12.50. మొత్తం 53.50. వడ్డీ కలిపితే 62 దాటుతుంది. ఇదే సెట్టు 1,500 గంటలు నడిస్తే, జీతం తేడా రెట్టింపు వేసినా, సర్వీసు ఏడాదికి ఐదుసార్లు చేయించినా, వడ్డీ కాక 40 లోపే ఉంటుంది.

రాజుగారి అంకె ఇంకోలా వచ్చింది. ఆయన నాలుగు ఏరేటర్లు కలిస్తే లోడు 20 నుంచి 27 కిలోవాట్లకి పెరుగుతుంది. ఇంజను గంటకి 6.4 బదులు 8 లీటర్లు తాగుతుంది. తన వల్ల పెరిగింది 1.6 లీటర్లు, 155 రూపాయలు. దానికి తనకి అందేది 7.2 యూనిట్లు. యూనిట్‌కి 22 కూడా పూర్తిగా పడలేదు. "నేను లేకపోయినా మీ ఇంజను తిరిగేదే కదా బాబూ, ఆ రెండు లీటర్లు నా మీదెందుకు?" అంటున్నారు. ఆ మాటలో తప్పులేదు. పైగా ఆయన రాకతో బావ సగటు డీజిల్ ఖర్చు 31 నుంచి 28.50కి తగ్గుతుంది.

ఇద్దరి లెక్కా నిజమే కాబట్టి మధ్యలో 37 అని తేల్చేద్దామన్నారు ఊళ్లో పెద్దమనిషి ఒకాయన. అలా చేస్తే కరెంటు బాగా ఉన్న నెలలో బావ నష్టపోతాడు, తుఫాను వచ్చి లైను నాలుగు రోజులు పడిపోయిన నెలలో రాజుగారు నష్టపోతారు. కారణం ఒక్కటే. జీతం తేడా, తరుగుదల, వడ్డీ ఇవి యూనిట్లతో పుట్టిన ఖర్చులు కావు. కరెంటు పోతే జనరేటర్ ఉంది అన్న భరోసాతో పుట్టిన ఖర్చులు. ఆ భరోసా జనరేటర్ ఒక్క యూనిట్ తీయని నెలలో కూడా ఇద్దరికీ అందుతోంది. ఇన్సూరెన్స్ ప్రీమియాన్ని యాక్సిడెంట్ల సంఖ్యతో భాగించి ఒక్కో యాక్సిడెంటుకి ఇంత అని ఎవరూ చెప్పరు కదా.

ఇది నా సొంత ఆలోచనేమీ కాదు. ఇంగ్లండ్‌లో జాన్ హాప్కిన్సన్ అనే ఇంజనీరు 1892లోనే చెప్పాడు. కరెంటు కంపెనీకి ఖర్చు రెండు రకాలుగా పుడుతుంది, సిద్ధంగా ఉండటానికి ఒకటి, వాడినదానికి ఒకటి, కాబట్టి వినియోగదారుడి దగ్గర కూడా రెండుగానే తీసుకోవాలి అని. మన దగ్గర హెచ్‌టీ కనెక్షన్ ఉన్న ఏ రైస్ మిల్లు బిల్లు తీసినా అందులో కేవీఏకి ఇంత అని డిమాండ్ చార్జీ ఒక లైను, యూనిట్‌కి ఇంత అని ఇంకో లైను ఉంటాయి. మిల్లు నెలంతా మూసి ఉన్నా మొదటి లైను పూర్తిగా సున్నా కాదు. అంత పెద్ద సంస్థ ఖర్చుని రెండుగా చెబుతుంటే, గట్టు మీద జనరేటర్‌కి మనం ఒకే అంకె ఎందుకు కోరుకుంటున్నాం?

దీనికి ఎదురు వాదన ఉంది, తేలిగ్గా తీసేయకూడదు. రెండుగా విడదీస్తే రైతు రెండోది మర్చిపోతాడు. యూనిట్ 34 అని గుర్తుంటుంది, నెలకి 14,000 సిద్ధంగా ఉండటానికి పోతున్నాయన్నది గుర్తుండదు. యూనిట్ 62 అంటే గుండెల్లో గుచ్చుకుంటుంది, కొనే ముందు ఆలోచిస్తాడు. 40 కేవీఏ చాలేమో చూద్దాం అనుకుంటాడు. నిజమే, కొనే ముందు మొత్తం ఖర్చు చూడాల్సిందే. కానీ అప్పుడు కూడా అది ఏడాదికి ఎంత అని చూడాలి. ఎందుకంటే యూనిట్లు ఎన్ని వస్తాయో డిస్కమ్ చేతిలో ఉంది, రైతు చేతిలో లేదు. లైను బాగుపడి 300 గంటలు 100 గంటలైతే యూనిట్ ఖర్చు నూరు దాటిపోతుంది. దాన్ని చూసి జనరేటర్ దండగైందని అమ్మేయాలా? ఏడాది మొత్తం ఖర్చు నిజానికి తగ్గింది.

ఇంకో పోలిక తరచూ వినిపిస్తుంది. ఆక్వాకి ప్రభుత్వం యూనిట్ రూపాయిన్నర అని 2019లో ప్రకటించింది, జనరేటర్ యూనిట్ దానికి ముప్పై రెట్ల పైనేనని. ఈ రెండు యూనిట్లు ఒకదాని బదులు ఒకటి వాడుకునేవి కావు. తెల్లవారుజాము నాలుగింటికి, చెరువులో నాచు రాత్రంతా ఆక్సిజన్ పీల్చేసి నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అదే డీఓ, లీటరుకి మూడు మిల్లీగ్రాములకి దిగినప్పుడు, లైనులో కరెంటు లేనప్పుడు, రూపాయిన్నర యూనిట్ దొరకదు. రొయ్య గట్టు వారకి వచ్చి తేలుతుంటే ఆ గంటలో తీసే ఇరవై యూనిట్లకి డీజిల్ 620 రూపాయలు. నీళ్లలో ఉన్న పంట లక్షల్లో. ఆ రాత్రి వేయాలా వద్దా అన్నదానికి 53తో పనిలేదు, 31తో కూడా పనిలేదు. పది ఏరేటర్లలో ఏవి వేస్తే చాలన్నదానికి మాత్రం గంటకి 6.4 లీటర్లన్న లెక్క పనికొస్తుంది.

చివరికి కుదిరింది

నేను చెప్పిన లెక్క ఇది. జీతం తేడా, తరుగుదల, వడ్డీ కలిపి ఏడాదికి 1,69,500, నెలకి 14,125. ఏరేటర్లు మొత్తం పద్నాలుగు. రాజుగారివి నాలుగు. ఆయన వంతు నెలకి నాలుగు వేల చిల్లర, కరెంటు పోయినా పోకపోయినా. నడిచిన యూనిట్లకి విడిగా, ఇద్దరికీ ఒకే రేటు, డీజిల్ 28.50కి సర్వీసు 3 కలిపి 31.50. ఆయన లైను మీద ఒక సబ్ మీటరు. 22 కాదు ఎందుకంటే ఇంజను తనకోసం తాగే రెండు లీటర్లు ఇద్దరి కోసం తిరుగుతున్నప్పుడు తాగుతోంది. ముందు ఎవరు ఎక్కారు, తర్వాత ఎవరు ఎక్కారు అన్నది దానికి కొలమానం కాకూడదు. డీజిల్ ధర మారితే రేటు మారుతుంది, నెలవారీ వంతు మారదు.

రాజుగారు అరగంట కాయితం మీద కూడికలు చేసుకుని ఒప్పుకున్నారు. ఒక్కచోట ఆగారు. "జీతం తేడా అని నా దగ్గర వెయ్యి తీసుకుంటున్నారు. ఆ కుర్రాడికి ఇప్పుడు పది బదులు పద్నాలుగు ఏరేటర్లు చూసుకోవాలి. ఈ వెయ్యి వాడికి వెళుతుందా?"

బావ నా వైపు చూశాడు. జీతం ఇప్పటికే ఇస్తున్నాడు కాబట్టి ఆ వెయ్యి తనకి మిగులు అని లెక్కేసుకున్నట్టున్నాడు. నేను రాజుగారి వైపే మాట్లాడాను. ఖర్చు కాయితంలో మనిషి పేరు మీద ఒక లైను రాసి దాన్ని ఇంకొకరి దగ్గర వసూలు చేస్తున్నప్పుడు, పెరిగిన పని ఆ మనిషిదే అయినప్పుడు, డబ్బు కూడా అతనికే చేరాలి. నెలకి వెయ్యి పెంచడానికి బావ ఒప్పుకున్నాడు. సబ్ మీటరు వచ్చే వారం బిగిస్తారు. రాజుగారి ఏరేటర్లకి కూడా టైమర్లు పెట్టాకే లైను ఇవ్వమని చెప్పాను, లేకపోతే ఆ నాలుగూ ఒకేసారి అంటుకున్న రాత్రి పద్నాలుగూ ఆగిపోతాయి.